స్కోపా పూర్తి మార్గదర్శి: రమ్మీ పేకతో కూడిక ఆట, 7ల లెక్క

ఇటలీ పేకాట స్కోపా గురించి అడిగేవాళ్లందరూ దాదాపు రెండు చోట్లే ఆగిపోతున్నారు. బల్ల మీది ముక్కల్ని కూడి ఎత్తేటప్పుడు ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు అనేది ఒకటి. ఆట చివర 7లకు పాయింట్లు ఎలా వేయాలి అనేది రెండోది. ఈ రెంటినీ నిదానంగా చూద్దాం. ఇద్దరు ఆడే ఆటనే తీసుకుంటున్నాను, ఎందుకంటే నేర్చుకోవడానికి అదే సులువు.

## 1. పేక సిద్ధం చేసుకోవడం

స్కోపాకు 40 ముక్కలు కావాలి. మన రమ్మీ పేక ఒక్క కట్ట చాలు. అందులోంచి జోకర్లు, అన్ని రంగుల్లోని 8, 9, 10 తీసి పక్కన పెట్టేయండి. రంగుకు పది చొప్పున నలభై మిగులుతాయి.

ఇప్పుడు విలువలు:

- ఆసు = 1
- 2 నుంచి 7 వరకు ముఖవిలువే
- జాకీ = 8
- రాణి = 9
- రాజు = 10

రమ్మీ అలవాటున్నవాళ్ల వేళ్లు ఇక్కడే తడబడతాయి. జాకీని 11 అనో, బొమ్మలన్నీ పదే అనో అనుకుంటారు. మొదటి రెండు మూడు ఆటలు ముగిసేదాకా "జాకీ 8, రాణి 9, రాజు 10" అని ఒక చీటీ మీద రాసి మధ్యలో పెట్టుకోండి.

ఇటలీ పేకలో డైమండు స్థానంలో నాణేలు ఉంటాయి. కాబట్టి మన పేకలో డైమండ్లకే ప్రత్యేక విలువ. మిగతా మూడు రంగులూ సమానమే.

ఎవరైనా అక్కడినుంచి నేపుల్స్ పేక తెచ్చిచ్చి ఉంటే దాని మీద అంకెలు ఉండవు, గుర్తులు లెక్కపెట్టుకోవాలి. నిలబడ్డ కుర్రాడు 8, గుర్రం మీదున్నవాడు 9, కిరీటం పెట్టుకున్నవాడు 10.

## 2. పంచడం

1. ముక్కలు కలిపి, ఎదుటివారితో కోయించండి.
2. ఒక్కొక్కరికి మూడు ముక్కలు పంచండి.
3. బల్ల మధ్యలో నాలుగు ముక్కలు అంకె కనిపించేలా పరవండి.
4. మిగతా కట్టను పక్కన బోర్లించండి.
5. పంచనివారు ముందు ఆడతారు. ఒక్కొక్కరు ఒక్కో ముక్క ఆడుతూ చేతిలోని మూడూ అయిపోయాక, మళ్లీ మూడేసి పంచాలి.

బల్ల మీదికి నాలుగు ముక్కలు పరిచేది మొదట ఒక్కసారే. తర్వాతి పంపకాల్లో చేతులకే పంచాలి, బల్లకు కాదు. నలభైలో నాలుగు బల్లకు పోతే ముప్పై ఆరు, పంపకానికి ఆరు చొప్పున ఆరు పంపకాలు సరిగ్గా సరిపోతాయి. చివర్లో లెక్క కుదరలేదంటే ఎవరో బల్లకు మళ్లీ ముక్కలు వేశారని అర్థం.

మొదటి నాలుగింటిలో మూడు గానీ నాలుగు గానీ రాజులు పడితే అన్నీ కలిపి మళ్లీ పంచాలి. కారణం లెక్కలోనే ఉంది. రాజుని ఎత్తగలిగేది మరో రాజే. బల్ల మీద మూడుంటే, మిగిలిన నాలుగోది వచ్చి ఒకదాన్ని ఎత్తుకుపోతుంది, రెండు ఆట అయ్యేదాకా అక్కడే ఉండిపోతాయి. ఇక బల్ల ఖాళీ అయ్యే ప్రశ్నే ఉండదు.

## 3. ఎత్తడం: చెల్లేవి, చెల్లనివి

మీ వంతులో చేతిలోంచి ఒక ముక్క దించుతారు. దాని విలువకు సమానమైన ముక్క బల్ల మీద ఉంటే దాన్ని ఎత్తుతారు. లేదా కూడితే ఆ విలువ వచ్చే ముక్కల్ని ఎత్తుతారు. ఎత్తినవీ, ఎత్తడానికి వాడిన ముక్కా కలిసి మీ ముందు బోర్లా కుప్పగా చేరతాయి. ఏదీ ఎత్తలేకపోతే దించిన ముక్క బల్ల మీదే ఉంటుంది.

రంగుతో పని లేదు, విలువే చూడాలి. కింది నాలుగు నియమాలు పట్టుబడితే తగువులుండవు.

సమాన ముక్క ఉంటే అదే ఎత్తాలి. బల్ల మీద 7, 4, 3 ఉన్నాయి. మీరు 7 దించారు. 4+3 ఎత్తితే మూడు ముక్కలొస్తాయి కదా అని ఆశపడకూడదు. ఒంటి 7 ఉంది కాబట్టి దాన్నే ఎత్తాలి.

ఒక ముక్కతో ఒక్క కూడికే. బల్ల మీద 5, 3, 6, 2 ఉన్నాయి, మీరు జాకీ దించారు. 5+3 గానీ 6+2 గానీ ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండూ కావాలంటే కుదరదు. కూడికలో ఎన్ని ముక్కలున్నా ఫర్వాలేదు, 1+2+5 కూడా జాకీకి చెల్లుతుంది.

దించిన ముక్క ఎత్తగలిగితే ఎత్తి తీరాలి. ఎత్తగలిగి కూడా ఊరికే బల్ల మీద వదిలేయడం చెల్లదు. కానీ ఎత్తగలిగే ముక్కనే ముందు ఆడాలన్న బలవంతం లేదు. దాన్ని చేతిలోనే ఉంచుకుని వేరే ముక్క దించవచ్చు.

కూడిక బల్ల మీది ముక్కలదే. చేతిలోంచి రెండు ముక్కలు కలిపి దించి ఎత్తడం లేదు.

## 4. స్కోపా కొట్టడం

ఒకే ముక్కతో బల్ల మీద ఉన్నవన్నీ ఎత్తేస్తే అది స్కోపా. అక్కడికక్కడే ఒక పాయింటు. ఎత్తిన ముక్కను కుప్పలో అడ్డంగా, అంకె కనబడేలా పెట్టండి. అలా పెట్టకపోతే చివర్లో "రెండు కొట్టాను", "కాదు ఒకటే" అన్న రభస ఖాయం.

ఆరో పంపకంలోని చిట్టచివరి ముక్కతో బల్ల ఖాళీ అయినా స్కోపా లెక్కలోకి రాదు. ఆ తర్వాత బల్ల మీద ముక్కలేమైనా మిగిలితే, అంతకుముందు ఆఖరుసారి ఎత్తినవారికే అవి చెందుతాయి. దానికీ స్కోపా పాయింటు ఉండదు.

## 5. రెండు పంపకాలు ఆడి చూద్దాం

పేక దగ్గరుంటే ఇవే ముక్కలు తీసి పరుచుకుని చదవండి.

బల్ల మీద: డైమండు 2, ఇస్పేటు 5, కళావరు 4, ఆటీను రాజు.

మీ చేతిలో: ఇస్పేటు 7, కళావరు రాణి, ఆటీను 3. ఎదుటివారు పంచారు, మీరు ముందు.

మీకు రెండు దారులున్నాయి. 7తో 2+5 ఎత్తవచ్చు. రాణితో 5+4 ఎత్తవచ్చు. రెండింటిలోనూ మూడేసి ముక్కలే వస్తాయి. కానీ 7 దించితే ఒక 7, ఒక డైమండు మీ కుప్పలో చేరతాయి. మిగిలేది 4, రాజు, అంటే మొత్తం 14. ఏ ముక్కా పదికి మించదు కాబట్టి 14ను ఒక్క దెబ్బకు ఎవరూ ఊడ్చలేరు. 7 ఆడండి.

ఎదుటివారు డైమండు 4తో కళావరు 4 ఎత్తారు. బల్ల మీద రాజు ఒక్కటే. ఇప్పుడు మీ చేతిలో రాణి, 3. రెంటిలో ఏది దించినా మొత్తం పది దాటుతుంది, స్కోపా భయం లేదు. రాణిని దించడం మేలు, ఎందుకంటే దాన్ని ఎత్తే దారులు తక్కువ. చిన్న ముక్క బల్ల మీద ఉంటే అది రకరకాల కూడికల్లో దూరిపోతుంది.

వారు ఇస్పేటు రాజుతో రాజుని ఎత్తారు. రాణి ఒంటరిగా మిగిలింది. మీ దగ్గర మరో రాణి ఉండి ఉంటే అది స్కోపా అయ్యేది. లేదు కాబట్టి 3 దించారు, మొత్తం 12. వారు ఆఖరి ముక్కగా ఆటీను 6 దించారు, ఏదీ ఎత్తలేదు.

రెండో పంపకం. బల్ల మీద రాణి, 3, 6. మీకు వచ్చినవి: డైమండు రాణి, ఇస్పేటు 6, కళావరు ఆసు.

డైమండు రాణి చూడగానే చెయ్యి దురద పెడుతుంది. రాణిని ఎత్తితే డైమండు మీ కుప్పలో పడుతుంది కదా. 6+3 కూడా తొమ్మిదే, కానీ రాణి ఒంటిగా ఉంది కనుక దాన్నే ఎత్తాలి. ఎత్తాక ఏం మిగిలింది? 3, 6. మొత్తం 9. ఎదుటివారి దగ్గర రాణి ఉంటే రెండూ పోతాయి, స్కోపా వారిది. ఇంకా కనబడని ముక్కలు 27, అందులో రాణులు రెండు, వారి చేతిలో మూడు ముక్కలు. వారి దగ్గర రాణి ఉండే అవకాశం దాదాపు ఐదింట ఒకటి. ఒక్క డైమండు కోసం పూర్తి పాయింటును అలా ఒడ్డడం నాకు నచ్చదు.

ఆసు దించితే? ఏదీ ఎత్తదు. పైగా 6 పక్కన 1 చేరి 7 తయారవుతుంది. డైమండు 7 ఇంకా బయటికి రాలేదు. అది వారి చేతిలో ఉంటే పళ్లెంలో పెట్టి అందించినట్టే.

ఇస్పేటు 6తో ఆటీను 6 ఎత్తండి. రాణి, 3 మిగిలితే మొత్తం 12, భయం లేదు. 6లు చివరి లెక్కలో 7ల తర్వాత అంత విలువైనవి. రాణి బల్ల మీదే ఉంటే వచ్చే వంతులో డైమండు రాణితో ఎత్తుకోవచ్చు.

## 6. ఏ ముక్క దించాలి

ప్రతి వంతులో ఈ వరుసలో చూసుకోండి:

- [ ] స్కోపా కొట్టగలనా?
- [ ] డైమండు 7ను గానీ మరో 7ను గానీ ఎత్తగలనా?
- [ ] డైమండు ఎత్తగలనా?
- [ ] ఎక్కువ ముక్కలు ఎత్తగలనా?
- [ ] నేను ఆడాక బల్ల మీద మొత్తం 11 గానీ అంతకు మించి గానీ ఉందా?
- [ ] కూడితే 7 వచ్చే జతను (6+1, 5+2, 4+3) వదిలేస్తున్నానా?

చివరి రెండూ ఎత్తే ముందే చూడాలి. కొత్తవాళ్లు ఏం వస్తుందో చూస్తారు గానీ ఏం మిగులుతుందో చూడరు. ఎక్కువ స్కోపాలు పడేది ఇందువల్లే.

బల్ల పూర్తిగా ఖాళీగా ఉండి మీ వంతు వస్తే, ఎలాగూ ఒంటి ముక్క దించక తప్పదు. చేతిలో జత ఉంటే అందులోంచి ఒకటి దించండి. రెండు 4లు మీ దగ్గరుంటే బయట ఉన్నవి రెండే, అవి వారి చేతిలో ఉండే అవకాశం తక్కువ. వారు ఎత్తలేక ఇంకో ముక్క దించితే, మీ 4ను మీరే ఎత్తుకోవచ్చు. జత లేకపోతే, అప్పటికే రెండు మూడు వెళ్లిపోయిన విలువను చూసి దించండి.

చేతిలో డైమండు 7 వచ్చిందా? మూడు ముక్కల చెయ్యి కాబట్టి మూడు వంతుల్లోపు అది ఆడి తీరాలి. ఏదో ఒకటి ఎత్తే అవకాశం రాగానే ఆడేయండి, పెద్ద కూడిక కోసం ఆగొద్దు. ఎత్తడానికి ఏమీ లేకపోతే ముందు వంతులోనే దారి వేసుకోవచ్చు. బల్ల మీద 4, రాజు ఉన్నాయనుకోండి, 3 దించి పెట్టండి. వారు 3నో 4నో తీయకపోతే వచ్చే వంతులో 4+3 మీదే.

డైమండు 7 ఎక్కడుందో తెలియనప్పుడు వేరే రంగు 7ను బల్ల మీద వదలడం మాత్రం చెడ్డ ఆట. వారి దగ్గర అది ఉంటే ఒకేసారి రెండు 7లు వెళ్లిపోతాయి.

## 7. పాయింట్ల లెక్క

కుప్పలు తిరగేసి ముందు రెండింటి ముక్కలూ కలిపి 40 ఉన్నాయో లేదో చూడండి. తర్వాత ఈ వరుసలో వేయండి:

1. ఎక్కువ ముక్కలు ఎవరివో వారికి 1. చెరి 20 అయితే ఎవరికీ లేదు.
2. ఎక్కువ డైమండ్లు ఎవరివో వారికి 1. చెరి 5 అయితే ఎవరికీ లేదు.
3. డైమండు 7 ఎవరి దగ్గరుంటే వారికి 1. దీన్ని సెట్టెబెల్లో అంటారు. దీనికి సమానం అంటూ ఉండదు.
4. ప్రిమియెరా గెలిచినవారికి 1.
5. కొట్టిన ఒక్కో స్కోపాకు 1.

అందరినీ తికమక పెట్టేది ప్రిమియెరా. ఇందులో ముక్కల విలువలు వేరు:

- 7 = 21
- 6 = 18
- ఆసు = 16
- 5 = 15
- 4 = 14
- 3 = 13
- 2 = 12
- బొమ్మలు = 10

మీ కుప్పలోంచి ఒక్కో రంగుకు ఈ లెక్కలో అన్నిటికన్నా పెద్ద ముక్క ఒక్కటే తీయండి. నాలుగు రంగులకు నాలుగు ముక్కలు. వాటి విలువలు కూడండి. ఎవరి మొత్తం ఎక్కువైతే పాయింటు వారిది, సమానమైతే ఎవరికీ లేదు. ఏదైనా రంగు మీ దగ్గర అసలే లేకపోతే మీరు పోటీలో లేనట్టే.

పై ఆట ఇలా ముగిసిందనుకోండి.

మీవి: ఇస్పేటు 7 (21), డైమండు 7 (21), ఆటీను 6 (18), కళావరు 5 (15). మొత్తం 75.

వారివి: ఆటీను 7 (21), కళావరు 7 (21), డైమండు 6 (18), ఇస్పేటు ఆసు (16). మొత్తం 76.

చెరి రెండు 7లు, అయినా ఒక్క తేడాతో పాయింటు వారిదైంది. మీ కుప్పలో ఇస్పేటు 6 కూడా ఉంది గానీ, ఆ రంగులో అప్పటికే 7 ఉంది కాబట్టి అది పనికిరాలేదు. రెండో పంపకంలో మీ చేతిలో ఉన్న కళావరు ఆసు తర్వాత ఎప్పుడో బల్ల మీదికి దిగి వారి కుప్పలో చేరింది. అది మీకే దక్కి ఉంటే 5 బదులు ఆసు వచ్చి మీకూ 76 అయ్యేది, ఆ పాయింటు ఎవరికీ దక్కేది కాదు. అందుకే కూడికలో చిన్నదని ఆసుని చులకనగా చూడకండి.

మిగతా లెక్క: ముక్కలు మీకు 22, వారికి 18. మీకు 1. డైమండ్లు చెరి 5, ఎవరికీ లేదు. సెట్టెబెల్లో మీది, 1. ప్రిమియెరా వారిది, 1. స్కోపాలు మీకేమీ లేవు, వారు రెండు కొట్టారు. మీకు 2, వారికి 3.

పిల్లలతో ఆడేటప్పుడు ప్రిమియెరా బదులు "ఎక్కువ 7లు ఎవరివి" అని మాత్రమే చూస్తే చాలు. చెరి రెండైతే పాయింటు లేదనుకోండి. ఫలితం చాలాసార్లు ఒకటే వస్తుంది, కానీ ఎప్పుడూ కాదు. మూడు 7లున్నా నాలుగో రంగులో బొమ్మలే ఉంటే మొత్తం 73. ఎదుట ఒక 7, మూడు 6లు ఉంటే 75. అలాంటప్పుడు అసలు లెక్కలో మూడు 7లవాళ్లే ఓడతారు. ఏ పద్ధతి అన్నది ఆట మొదలయ్యే ముందే అనుకోండి.

మామూలుగా 11 పాయింట్లకు ఆడతారు. ఒకే ఆటలో ఇద్దరూ 11కు చేరినా, దాటినా ఎక్కువున్నవారు గెలిచినట్టు. సమానమైతే ఇంకో ఆట వేయాలి.

## 8. తప్పు దొర్లితే

సమాన ముక్క వదిలి కూడిక ఎత్తేశారు. తర్వాతివారు ఆడకముందే గమనిస్తే ముక్కలు వెనక్కి పెట్టి సరిగా ఎత్తండి. వారు ఆడేశాక అయితే అలాగే వదిలేయడం మంచిది. వెనక్కి తిప్పబోతే ఇంకో రెండు తప్పులు పుడతాయి.

దించిన ముక్క బల్ల మీదే ఉండిపోయింది. ఎత్తినప్పుడు దించిన ముక్క కూడా కుప్పలోకి వెళ్లాలి.

స్కోపా గుర్తు పెట్టలేదు. ఇద్దరికీ గుర్తుంటేనే ఇవ్వండి. ఒక్కరికే గుర్తుంటే లేనట్టే అని ముందే ఒప్పుకుంటే పోట్లాట ఉండదు.

కుప్ప తీసి చూస్తున్నారు. ఎన్ని డైమండ్లు వచ్చాయో మధ్యలో చూసుకోవడం కుదరదు. గుర్తు పెట్టుకోవాల్సిందే. అన్నీ వల్ల కాకపోతే 7లు, డైమండ్లు మాత్రం గుర్తు పెట్టుకోండి.

మూడో మనిషి వచ్చి కూర్చున్నాడు. ఫర్వాలేదు. మూడేసి చొప్పున ముగ్గురికి పంచితే నాలుగు పంపకాల్లో కట్ట అయిపోతుంది, నలుగురైతే మూడు పంపకాల్లో. నలుగురు ఆడేటప్పుడు ఎదురెదురుగా కూర్చున్నవారు జట్టు, జట్టుకు ఒకే కుప్ప. వంతులు మాత్రం ఇటలీలో కుడివైపుకు తిరుగుతాయి.